రెండు నెలల జీతం ఆగితే ఓనర్‌కి ఏమని రాయాలి

విజయవాడ ఆటోనగర్‌లో ఒక చిన్న ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఏప్రిల్, మే జీతాలు ఇంకా పడలేదు. ఓనర్‌ని అడిగినప్పుడల్లా "చూద్దాం, ఈ వారం సర్దుతా" అంటారు. మనిషి చెడ్డవాడు కాదు, నాకూ ఉద్యోగం వదులుకోవాలని లేదు. గొడవ కాకుండా, అలాగని అడుక్కున్నట్టు ఉండకుండా ఎలా రాయాలి? వాట్సాప్‌లో అడిగితే సరిపోతుందా, లెటర్ ఇవ్వాలా?

*

లెటరే రాయండి. తెలుగులోనే, పేజీ దాటకుండా. వాట్సాప్ ఆ లెటర్ ఫొటో పంపడానికి పనికొస్తుంది, అంతే. "సర్, శాలరీ గురించి" అని పంపే మెసేజ్‌కి "ఓకే, చూస్తా" అని బొటనవేలు బొమ్మ వస్తుంది, దాంతో అయిపోతుంది. చాలా ఏళ్లు చిన్న కంపెనీల్లో పేరోల్ చూశాను కాబట్టి ఇలాంటి లెటర్లు వచ్చినప్పుడు ఓనర్లు ఏం చేస్తారో దగ్గర నుంచి తెలుసు, ఆ అనుభవంతోనే చెబుతున్నా.

ముందు మీ ఓనర్ వైపు నుంచి చూడండి. ట్రాన్స్‌పోర్ట్‌లో పార్టీలు బిల్లు ఇచ్చిన నెలకో రెండు నెలలకో డబ్బులిస్తారు. ఈలోగా డీజిల్‌కి, టోల్‌కి, డ్రైవర్ బత్తాకి రోజూ చేతి నుంచి పెట్టాలి, లేకపోతే లారీ కదలదు. లారీల మీద ఫైనాన్స్ ఈఎంఐకి తేదీ ఉంటుంది, ఆ తేదీ దాటితే ఫోన్ల మీద ఫోన్లు వస్తాయి. టైర్ల షాపువాడు కూడా కాగితం మీద తేదీ రాయించుకుంటాడు. వీటన్నిటి మధ్యలో తేదీ లేనిది ఒక్క మీ జీతమే. "మనోడే కదా, నాలుగు రోజులు ఆగుతాడు" అనుకుంటారు. అందులో మోసం ఏమీ లేకపోవచ్చు, కానీ డబ్బులు చేతికి వచ్చిన రోజున కాగితం మీద తేదీ ఉన్నవాళ్లకే ముందు వెళ్తాయి. కాబట్టి మీ లెటర్ చేయాల్సిన పని ఒక్కటే, మీ జీతానికి కూడా ఒక తేదీ రాయించడం. ఇల్లు ఎలా గడుస్తోందో చెప్పడం, కోపం చూపించడం ఈ లెటర్ పని కాదు.

రాసే ముందు ఒక అరగంట లెక్క సరిచూసుకోండి. ఆఫర్ లెటర్‌లో ఉన్న అంకె కాకుండా, మార్చి జీతం బ్యాంకులో ఎంత పడిందో ఆ అంకె తీసుకోండి. సెలవులు పెట్టి ఉంటే వాటి కోత మీరే తీసేసి రాయండి. అంకె వంద రూపాయలు తేడా వచ్చినా "ముందు లెక్క తేల్చుకుందాం" అని ఇంకో పది రోజులు సాగుతుంది. పేస్లిప్‌లు వచ్చాయేమో చూడండి, డబ్బు పడకుండా పేస్లిప్ వచ్చిందంటే ఆ నెలకి మీకు ఎంత రావాలో కంపెనీయే ఒప్పుకున్నట్టు, దాన్ని దాచుకోండి. వేజ్ రిజిస్టర్‌లోనో వోచర్ మీదనో "ముట్టింది" అన్న చోట సంతకం మాత్రం డబ్బు రాకుండా పెట్టకండి. "ఆడిట్ కోసం, ఫార్మాలిటీ" అని అడుగుతారు. అకౌంట్స్ మనిషి కాబట్టి ఆ సంతకం విలువ మీకు నేను చెప్పక్కర్లేదు.

పీఎఫ్ ఉంటే పాస్‌బుక్ కూడా ఒకసారి తెరవండి. ఏ నెల పీఎఫ్ అయినా మరుసటి నెల 15లోపు కట్టాలి. అది మార్చి దాకా పడి, జీతాలు మాత్రమే ఆగాయంటే మామూలు వసూళ్ల ఇబ్బంది అయ్యుండొచ్చు. పీఎఫ్ ఐదారు నెలల నుంచే పడటం లేదంటే మాత్రం కథ వేరే, కంపెనీ చాలాకాలంగా డబ్బు ఇబ్బందుల్లో ఉందని అర్థం. అప్పుడు నేను కింద ఇచ్చిన తేదీల్లో అంత ఉదారంగా ఉండకండి.

ఇక భాష. మన దగ్గర పెద్ద చిక్కేంటంటే, స్కూల్లో నేర్చుకున్న లీవ్ లెటర్ భాషే చేతికి వస్తుంది. "తమ దివ్య సముఖమునకు", "దయతో నా జీతం ఇప్పించగలరని ప్రార్థన", "తమకు సదా కృతజ్ఞుడనై ఉంటాను" ఇలా సాగుతుంది. జీతం మీరు చేసిన పనికి రావాల్సిన బాకీ. బాకీ అడిగేటప్పుడు ప్రార్థన ఎందుకు? అలా రాస్తే చదివేవాళ్లు కూడా దాన్ని దయాధర్మంగానే చూస్తారు, ఇప్పుడు కాకపోతే తర్వాత అనుకుంటారు. దీనికి విరుగుడుగా కొందరు ఇంటర్నెట్‌లో దొరికిన లాయర్ నోటీసు భాష ఎక్కిస్తారు, "తక్షణమే చెల్లించనిచో తగు చట్టపరమైన చర్యలు గైకొనబడును" అని. రోజూ ఎదురుగా కూర్చునే మనిషికి మొదటి లెటర్‌లోనే అలా రాస్తే ఆయన డబ్బు సంగతి వదిలేసి "వీడికి ఎవరు ఎక్కించారు" అనే దాని మీదకి పోతాడు. "కోరుతున్నాను", "తెలియజేయండి", "జమ చేయండి" చాలు. గౌరవం "గారు"లో, "మీరు"లో ఉంది, ఇంకెక్కడా వంగక్కర్లేదు. నోటితో మీరు ఆయన్ని అన్నా అని పిలుస్తుంటే అలాగే పిలవండి, కాగితం మీద మాత్రం గారు అని రాయండి.

నేనైతే ఇలా రాస్తాను. నెలకి చేతికొచ్చేది 26,400 అనుకుని, జూన్ 10న ఇస్తున్నట్టు రాశా, మీ అంకెలు, తేదీలు పెట్టుకోండి.

తేదీ: జూన్ 10

శ్రీ ……… గారికి,
ప్రొప్రైటర్, ……… ట్రాన్స్‌పోర్ట్, ఆటోనగర్, విజయవాడ.

విషయం: ఏప్రిల్, మే నెలల జీతం బకాయి రూ. 52,800

నమస్కారం సర్.

ఏప్రిల్ నెల జీతం రూ. 26,400, మే నెల జీతం రూ. 26,400, మొత్తం రూ. 52,800 నాకు ఈ రోజు వరకు అందలేదు. ఇవి వరుసగా మే 7లోపు, జూన్ 7లోపు రావాల్సినవి. ఈ విషయం మే 18న, జూన్ 2న మీతో నేరుగా మాట్లాడాను. వసూళ్లు ఆలస్యమవుతున్నాయని, ఆ వారంలోనే సర్దుతామని మీరు చెప్పారు.

ఈ రెండు నెలలూ నా పని యథావిధిగా చేస్తూ వచ్చాను. కంపెనీ ఇబ్బందిని దృష్టిలో పెట్టుకుని రెండు విడతలుగా అడుగుతున్నాను. ఏప్రిల్ జీతం జూన్ 15లోపు, మే జీతం జూన్ 25లోపు నా బ్యాంకు ఖాతాలో జమ చేయాలని కోరుతున్నాను.

ఈ తేదీలు మీకు వీలుకాకపోతే, మీకు వీలయ్యే తేదీలు ఏవో జూన్ 13లోపు రాతపూర్వకంగా తెలియజేయండి. వాట్సాప్‌లో రాసినా సరిపోతుంది.

ఇట్లు,
(పేరు, హోదా, సంతకం)

అంతే. ఇందులో కొన్ని మాటలు కావాలనే అలా పెట్టాను, మీరు మార్చుకునేటప్పుడు వాటిని చెడగొట్టకుండా ఉండటానికి కారణం చెబుతా.

"వసూళ్లు ఆలస్యమవుతున్నాయని మీరు చెప్పారు" అని రాశాను, "వసూళ్లు ఆలస్యమవుతున్న సంగతి నాకు తెలుసు" అని రాయలేదు. రెండోది రాస్తే కంపెనీ దగ్గర డబ్బు లేదని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. మొదటిదాంట్లో ఆయన మాట ఆయనదిగానే ఉంటుంది, ఆయన మాట మీరు విన్నారన్న మర్యాదా దక్కుతుంది. మీ విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే మీరు అకౌంట్స్‌లో ఉన్నారు. ఏ పార్టీ ఎంత ఇచ్చిందో, ఆ డబ్బు ఎటు పోయిందో మీ ముందే ఉంటుంది. "మొన్న ఫలానా సిమెంట్ పార్టీ నుంచి నాలుగు లక్షలు వచ్చాయి కదా, కొత్త కారుకి డౌన్‌పేమెంట్ కట్టారు కదా" అని రాయాలని చేయి దురద పెడుతుంది. రాయకండి. న్యాయం మీవైపే ఉన్నా, కంపెనీ లెక్కలు బయటపెట్టారన్న గొడవ మొదలై జీతం మాట పక్కకి పోతుంది. ఆ లెటర్ ఆయన భార్యో బావమరిదో చదివినా మీ మీద మాట రాకూడదు.

"పని యథావిధిగా చేస్తూ వచ్చాను" దగ్గర ఆపాను. చాలామంది ఉత్సాహంగా "ఇకముందు కూడా ఇలాగే చేస్తానని హామీ ఇస్తున్నాను" అని కలుపుతారు. జీతం లేకుండా ఎన్నాళ్లయినా చేస్తానని ఎందుకు రాసివ్వాలి?

తేదీలు రెండు పెట్టడానికి కారణం, మొత్తం ఒకేసారి అడిగితే "ఇప్పుడు అంత లేదు" అనే జవాబు రెడీగా ఉంటుంది. సగం దగ్గర తేదీ అడిగితే కాదనడం కష్టం. ఇంకోటి, తేదీలు కాదంటే మీరే చెప్పండి అన్నాం కాబట్టి ఆయన ఏం చెప్పినా అది ఆయన చేత్తో రాసిన బాకీ ఒప్పుకోలు అవుతుంది. "15న కుదరదు, 20న ఇస్తా" అని వాట్సాప్‌లో వస్తే మీకు సగం పని అయినట్టే.

పిల్లల ఫీజులు, అమ్మకి మందులు, ఇంటి అద్దె, ఇవి మాటల్లో చెప్పండి కావాలంటే, లెటర్‌లో వద్దు. కష్టం చెబితే కష్టానికి తగ్గ సాయం వస్తుంది, ఐదువేలు చేతిలో పెట్టి "ఫీజు కట్టేయ్" అంటారు, బాకీ అలాగే ఉంటుంది. అలాగే పాత బోనస్, ఇంక్రిమెంట్, ఆదివారం పిలిపించిన సంగతి, ఇవన్నీ ఇప్పుడే ఎత్తితే ఆయన వాటిల్లో తేలికైనదాన్ని పట్టుకుని వాదిస్తాడు. "మేమందరం" అని కూడా రాయకండి, మిగతావాళ్లు సంతకం పెడితే తప్ప. నలుగురు కలిసి ఇవ్వడం మంచిదే, కానీ అప్పుడు ఎవరి లెటర్ వాళ్లు, ఎవరి అంకె వాళ్లు రాసుకుని ఒకే రోజు ఇవ్వండి.

7వ తేదీ అని ఊరికే రాయలేదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్‌లో, 17వ సెక్షన్ ప్రకారం, నెలజీతం మరుసటి నెల 7వ తేదీలోపు ఇచ్చేయాలి. 1936 నాటి పాత చట్టంలోనూ వెయ్యిమంది లోపు ఉన్న సంస్థలకి ఇదే తేదీ ఉండేది, కాకపోతే అది నెలకి 24 వేల దాకా జీతం ఉన్నవాళ్లకే వర్తించేది. కొత్త కోడ్‌లో ఆ గీత లేదు, సూపర్‌వైజర్, మేనేజర్ అని తేడా కూడా లేదు. ఇది కేంద్ర చట్టం కాబట్టి విజయవాడలో ఉన్నా హైదరాబాద్‌లో ఉన్నా ఒకటే. కానీ మొదటి లెటర్‌లో సెక్షన్ నంబర్ ఎక్కించకండి. "మే 7లోపు రావాల్సినవి" అన్న ముక్క చాలు. తెలిసిన ఓనర్‌కి అది తగులుతుంది, తెలియకపోతే వాళ్ల ఆడిటర్ చెబుతాడు.

ఇచ్చే పద్ధతి గురించి. రెండు కాపీలు తీసుకెళ్లండి. ఉదయం లోడింగ్ హడావుడిలో కాకుండా, నలుగురి ముందు కాకుండా, ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు ఇవ్వండి. "సర్, నోటితో చెబితే మీకూ గుర్తుండటం లేదు, నాకూ అడగడానికి ఇబ్బందిగా ఉంది, అందుకే రాసిచ్చా" అంటే చాలు, ఇంకేం వివరణ వద్దు. రెండో కాపీ మీద తేదీ వేసి సంతకమో ఆఫీస్ ఇన్‌వర్డ్ స్టాంపో వేయించుకోండి. వేయనంటే పట్టుబట్టకండి. బయటికొచ్చి అదే లెటర్ ఫొటో తీసి, "ఈ రోజు మీకు ఇచ్చిన లెటర్ కాపీ సర్" అని ఆయన సొంత వాట్సాప్‌కి పంపండి, మెయిల్ ఉంటే మెయిల్‌కీ పంపండి. స్టాఫ్ గ్రూపులో మాత్రం పెట్టకండి. గ్రూపులో పెడితే అది అవమానం కింద లెక్క, ఆ తర్వాత మీరు ఎంత మర్యాదగా రాసినా ఎక్కదు.

తర్వాత ఏం జరుగుతుందో కూడా రాస్తా, ఎందుకంటే చాలామంది లెటర్ బాగా రాసి ఇక్కడ జారిపోతారు. ఆయన పిలిచి "ఏంటయ్యా కాగితాల దాకా వెళ్లావ్, మనం మనం" అంటారు. వాదించకండి. "అవును సర్, తేదీ చెబితే నాకు టెన్షన్ ఉండదు" అనండి. ఆయన తేదీ చెబితే ఆ సాయంత్రమే మెసేజ్ పెట్టండి: "సర్, ఈ రోజు మాట్లాడినప్పుడు ఏప్రిల్ జీతం జూన్ 18న వేస్తామన్నారు. అలాగే నోట్ చేసుకున్నాను. థాంక్యూ." ఆయన జవాబివ్వకపోయినా పర్వాలేదు, కాదనకపోవడమే మీకు కావాల్సింది.

ఇంకా ఎక్కువగా జరిగేది కొంత డబ్బు చేతిలో పెట్టడం. పదిహేను వేలు నగదుగా ఇస్తారు, వోచర్ మీద "స్టాఫ్ అడ్వాన్స్" అని రాస్తారు. ఇది చిన్న కంపెనీల్లో పాత అలవాటు, చాలాసార్లు దురుద్దేశం కూడా ఉండదు, వోచర్ పుస్తకంలో ఆ హెడ్ కింద రాయడం తేలిక కాబట్టి రాస్తారు. కానీ ఆరు నెలల తర్వాత లెక్క తీస్తే మీ రెండు నెలల బాకీ ఎక్కడా కనబడదు, మీరు తీసుకున్న అడ్వాన్స్ మాత్రం కనబడుతుంది. డబ్బు తీసుకోండి, వద్దనకండి. వోచర్ మీద "ఏప్రిల్ జీతంలో భాగం" అని రాయించండి, ఆ పుస్తకం మీ చేతిలోనే ఉంటుంది కాబట్టి ఆయనకి చెప్పి మీరే రాయొచ్చు, చెప్పకుండా మాత్రం రాయకండి. ఆ రోజే ఇలా మెసేజ్ పెట్టండి:

"సర్, ఏప్రిల్ జీతంలో భాగంగా ఈ రోజు రూ. 15,000 నగదుగా అందింది. ఏప్రిల్‌కి ఇంకా రూ. 11,400, మేకి రూ. 26,400, మొత్తం రూ. 37,800 రావాలి. మిగతాది ముందు అనుకున్న తేదీలకే ఇవ్వగలరు."

మిగిలిన అంకె ప్రతిసారీ రాయడం విసుగనిపిస్తుంది, అయినా రాయండి. ఎప్పుడో ఒకసారి సగం ఇచ్చి "మొత్తం సెటిల్ అయింది, సంతకం పెట్టు" అని కాగితం తెచ్చినప్పుడు ఈ మెసేజ్‌లే మీకు అడ్డుగోడ.

13 దాటినా జవాబు లేదు, 15న డబ్బూ పడలేదు అనుకోండి. 16నో 17నో రెండో లెటర్ ఇవ్వాలి. ఎక్కువ గ్యాప్ ఇస్తే మొదటిదాని పస పోతుంది. ఈసారి మర్యాద అలాగే ఉంచి ఒక్క వాక్యం కలపాలి.

"జూన్ 10న ఇచ్చిన లెటర్‌కి మీ నుంచి జవాబు రాలేదు. ఏప్రిల్, మే జీతాలు రూ. 52,800 ఇంకా అందలేదు. వేతనాల కోడ్, 2019, సెక్షన్ 17 ప్రకారం నెలజీతం మరుసటి నెల 7వ తేదీలోపు ఇవ్వాలి. జూన్ 25లోపు మొత్తం బకాయి జమ చేయాలని కోరుతున్నాను. ఆ తేదీకి అందకపోతే కార్మిక శాఖ అధికారి దగ్గర క్లెయిమ్ దాఖలు చేయాల్సి వస్తుంది. అంతవరకు రాకుండా మన మధ్యే పరిష్కారమవుతుందని ఆశిస్తున్నాను."

"చేస్తాను" అని కాకుండా "చేయాల్సి వస్తుంది" అన్నాను చూడండి, మీకు ఇష్టమై వెళ్లడం లేదని తెలుస్తుంది, వెళ్లడం మాత్రం ఖాయమనీ తెలుస్తుంది. మీడియాకి చెబుతా, పోలీస్ కేసు పెడతా, ఇన్‌కమ్‌ట్యాక్స్ వాళ్లకి చెబుతా లాంటివి కలపకండి. జీతం బాకీకి వాటితో పని లేదు, పైగా ఇన్‌కమ్‌ట్యాక్స్ మాట అకౌంటెంట్ నోట వస్తే అది బెదిరింపుగానే చదువుతారు. రాజీనామా మాట కూడా ఇందులో తేకండి. ఒకవేళ మానేయాలనే నిర్ణయించుకుంటే అది విడిగా ఇవ్వండి, అప్పుడు రావాల్సిన జీతం మొత్తం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలని అదే కోడ్‌లో ఉంది.

రెండో లెటర్ సంతకం లేకుండా వదలొద్దు. తీసుకోకపోతే కంపెనీ అడ్రస్‌కి స్పీడ్ పోస్ట్‌లో, అక్‌నాలెడ్జ్‌మెంట్‌తో పంపి రసీదు దాచుకోండి. చాలా చోట్ల ఆ కవరు చేరిన రెండు మూడు రోజుల్లోనే ఆడిటర్ నుంచి ఫోన్ వస్తుంది, ఓనర్ నుంచి కాదు. ఆడిటర్‌తోనూ అదే అంకె, అదే తేదీ చెప్పండి, కొత్తగా బేరం పెట్టకండి.

25 కూడా దాటితే లేబర్ ఆఫీస్‌కి వెళ్లండి. క్లెయిమ్‌కి మూడేళ్ల గడువు ఉంది కాబట్టి ఒక వారం అటూ ఇటూ అయినా హక్కు పోదు, కానీ అక్కడ మొదట అడిగేది ఇవే: ఆఫర్ లెటరో ఐడీ కార్డో ఉందా, జీతం పడుతున్నట్టు బ్యాంక్ స్టేట్‌మెంట్ ఉందా, మీరు రాసి అడిగారా, ఎప్పుడు. చివరి ఆరు నెలల స్టేట్‌మెంట్, రెండు లెటర్ల కాపీలు, ఆ వాట్సాప్ మెసేజ్‌ల ప్రింట్లు తేదీల వరుసలో పెట్టి ఒక ఫైల్‌లో తీసుకెళ్లండి. ఆఫీస్ సిస్టమ్‌లోంచి కంపెనీ లెడ్జర్ ప్రింట్లు మాత్రం తీసుకెళ్లకండి, మీ బాకీ రుజువు చేయడానికి అవి అక్కర్లేదు.